ఒకే మనిషి, నాలుగు ఉత్తరాలు

పిల్లల్ని బడి బస్సెక్కించి, కాఫీ కప్పుతో లాప్‌టాప్ ముందు కూర్చునేసరికి సోమవారం నాడు నాకోసం కనీసం యాభై టికెట్లు ఎదురుచూస్తూ ఉంటాయి. సినిమా టికెట్లు కాదు లెండి! ఆన్‌లైన్‌లో వంటసామాన్లు అమ్మే ఒక చిన్న కంపెనీకి ఇంటి నుంచే కస్టమర్ సపోర్ట్ చేస్తాను నేను. ఎవరైనా మాకు మెయిల్ రాస్తే దానికి ఒక నంబరు పడుతుంది. ఆ నంబరు మీద తెరుచుకునే ఫైలునే టికెట్ అంటాం. ఇలాంటి ఉద్యోగాల్లో మన ఆడవాళ్ళం చాలామందిమే ఉన్నాం కాబట్టి, ఈసారి ఆ పనిలోని ఒక చిన్న మెలిక గురించి చెబుతాను.

ఒకే మనిషి ఒకే సమస్య మీద నాలుగుసార్లు రాస్తే ఆ నాలుగింటినీ ఒక్కటిగా కలపాలి. దీన్నే మెర్జ్ చేయడం అంటాం. కలపకపోతే ఏమవుతుంది? ఒక టికెట్ నాకు, ఇంకొకటి పక్క షిఫ్టులో ఉన్న అమ్మాయికి వెళ్తాయి. నేను "డబ్బు వెనక్కి వేశాం" అంటాను, ఆవిడ "ఇంకా చూస్తున్నాం, ఆగండి" అంటుంది. ఒక్కోసారి ఇద్దరం చెరోసారి డబ్బు వెనక్కి వేసేస్తాం కూడా.

అసలు ఇన్ని టికెట్లు ఎందుకు పుడతాయంటే, కస్టమర్ మేము పంపిన మెయిల్ కిందే రిప్లై నొక్కితే, ఆ జవాబులో పాత మెయిల్ గుర్తు `In-Reply-To` అనే వరుసలో మా దాకా వస్తుంది. దాన్నిబట్టి సాఫ్ట్‌వేర్ ఆ జవాబును పాత ఫైల్లోనే చేరుస్తుంది. అలా కాకుండా కొత్త మెయిల్ మొదలుపెట్టి రాస్తే ఆ గుర్తు ఉండదు, కొత్త నంబరు పడుతుంది. జవాబు రాక కంగారుపడిన మనిషి చేసేది ఎక్కువగా ఈ రెండోదే.

కలపడం చెయ్యి తిరిగిన పనే. మెయిల్ అడ్రస్‌తో ఒకసారి, ఆర్డర్ నంబరుతో ఒకసారి వెతుకుతాను. దొరికినవన్నీ తెరిచి చివరిదాకా చదువుతాను. మామూలుగా అన్నిటికన్నా పాతదాన్ని ఉంచి మిగతావి అందులో కలుపుతాను, ఎందుకంటే ఆవిడ ఎప్పటి నుంచి ఎదురుచూస్తోందో ఆ టికెటే చెబుతుంది. ఒకవేళ కొత్తదాంట్లో ఎవరైనా అప్పటికే ఆవిడతో మాట్లాడుతూ ఉంటే మాత్రం దాన్నే ఉంచుతాను.

మేము వాడే Zendesk లో కలిపిన టికెట్ మూతపడి, దాని మీద `closed_by_merge` అనే గుర్తు పడుతుంది. ఇక దాన్ని విడదీయడం కుదరదు. పులుసులో వేసిన ఉప్పులాంటిదన్నమాట. అందుకే ఆ బటన్ నొక్కే ముందు ఆగి చూడాలి. నేను ఒకసారి దాదాపు నొక్కేశాను.

ఒక ప్రెజర్ కుక్కర్ ఆర్డర్ మీద వారాంతంలో నాలుగు టికెట్లు వచ్చాయి. శనివారం రాత్రి ఒకావిడ "కార్డు మీద డబ్బు రెండుసార్లు పట్టారు" అని రాసింది. ఆదివారం ఉదయం బ్యాంకు పేజీ ఫొటో జతచేసి అదే మాట మళ్ళీ రాసింది. మధ్యాహ్నం అదే ఇంటిపేరున్న ఒకాయన తన మెయిల్ నుంచి అదే ఆర్డర్ నంబరు వేసి, "అది నా కార్డు, ఒకసారి పట్టిన డబ్బు వెనక్కి ఇవ్వండి" అన్నాడు. ఆ రాత్రి ఆవిడ నుంచే నాలుగోది వచ్చింది. "కుక్కర్ పాత ఇంటికి పంపకండి, ఈ కొత్త అడ్రస్‌కి పంపండి" అని వేరే ఊళ్ళో ఒక అపార్ట్‌మెంట్ అడ్రస్ ఇచ్చింది.

ఒకే ఆర్డర్, ఒకే ఇంటిపేరు. మొగుడూ పెళ్ళాలే కదా అనుకుని నాలుగూ కలపబోయాను. అప్పుడు కంటపడింది, మూడో టికెట్ రాసిన ఆయన ఈ టికెట్‌లో CC గా చేరతాడన్న సంగతి. అంటే, "మీ కుక్కర్ ఫలానా కొత్త అడ్రస్‌కి పంపుతున్నాం" అని నేను ఆవిడకు రాయబోయే జవాబు ఆయన ఇన్‌బాక్స్‌లోకీ వెళ్తుంది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

వాళ్ళిద్దరి మధ్య ఏముందో నాకు తెలియదు. ఊరికే ఇల్లు మారుతున్నారేమో. ఆవిడ ఒక్కతే వెళ్ళిపోయిందేమో. తెలుసుకోవడం నా పని కాదు. ఆ అడ్రస్ ఎవరికి చెప్పాలో ఆవిడే చూసుకుంటుంది, నా చేతివాటంతో అది బయటపడకూడదు, అంతే.

తీరిగ్గా చూస్తే అక్కడ కలపాల్సినవి రెండే. మొదటిదీ రెండోదీ ఒకే మనిషి, ఒకే సమస్య, కాబట్టి అవి కలిపేశాను. మూడోదాంట్లో సమస్య అదే కానీ మనిషి వేరు. నాలుగోదాంట్లో మనిషి అదే కానీ సమస్య వేరు. పైగా కుక్కర్ గోడౌన్ దాటేలోపు తేలాల్సిన సమస్య అది. డబ్బు గొడవ కింద అది కలిసిపోతే ఎవరి కంటా పడదు, పార్సిల్ పాత ఇంటికే పోతుంది.

ముందు నాలుగోదే చూశాను. ఆర్డర్ ఖాతాలో ఉన్న మెయిల్ నుంచే ఆ ఉత్తరం వచ్చిందని సరిచూసుకుని అడ్రస్ మార్పించి, అదే టికెట్‌లో ఆవిడకు చెప్పాను. ఆ తర్వాత డబ్బు సంగతి. మా లెక్కల్లో ఒకసారే పట్టినట్టుంది. మొదటి ప్రయత్నం మధ్యలో ఆగిపోవడంతో బ్యాంకు ఆ మొత్తాన్ని కాసేపు పక్కన పెట్టింది, అది పెండింగ్ అని కనిపిస్తోంది. అలాంటివి సాధారణంగా కొద్ది రోజుల్లో వాటంతట అవే పోతాయి. కలిపిన టికెట్‌లో ఆవిడకు ఇదే రాశాను. ఆయనను కార్డు చివరి నాలుగు అంకెలు అడిగి, సరిపోయాక డబ్బు సంగతి ఒక్కటే చెప్పాను. పార్సిల్ ఊసే ఎత్తలేదు.

చివరగా మూడు టికెట్లలోనూ మా వాళ్ళకు మాత్రమే కనిపించే నోట్ ఒకటి పెట్టాను: "ఇదే ఆర్డర్ మీద వేరే మనిషి టికెట్ ఉంది. కలపవద్దు." లేకపోతే నా తర్వాత షిఫ్టులో వచ్చే అమ్మాయి, పాపం మంచి మనసుతోనే, మూడూ కలిపేస్తుంది.

పొరపాటున కలిపేస్తే? ముందు CC లోంచి ఆ రెండో మనిషి పేరు తీసేయాలి. తర్వాత వేరే సమస్యకు కొత్త టికెట్ తెరిచి, ఆ ఉత్తరం అందులోకి ఎక్కించాలి. అప్పటికే వెళ్ళిపోయిన మెయిల్‌ని మాత్రం వెనక్కి పిలవలేం. "నేనడిగింది అది కాదు కదండీ" అని కస్టమర్ జవాబిచ్చిందంటే, మనం రెండు సమస్యల్ని ఒకటి చేశామని అర్థం.

ఇక మీరు కస్టమర్‌గా రాసేటప్పుడు నాదొక చిన్న మనవి. అదే సంగతైతే ఆ పాత మెయిల్ కిందే రిప్లై నొక్కండి. కొత్త సంగతైతే, ముఖ్యంగా ఇంకెవరికీ తెలియకూడని అడ్రస్ లాంటిదైతే, దాన్ని విడిగా రాసి, "ఈ వివరం నాకు తప్ప ఎవరికీ పంపకండి" అని ఒక్క ముక్క చేర్చండి. అవతల కూర్చున్నది నాలాంటిదే ఒకావిడ. ఆ ఒక్క ముక్క ఆవిడ చేతిని ఆపుతుంది.