చట్టం ఏలడం వేరు, చట్టంతో ఏలడం వేరు

‘అంతా చట్టప్రకారమే జరిగింది.’ ఏ బస్తీలోనైనా ఇళ్లు కూలిన మరునాడు అధికారుల నోట వినిపించే మాట ఇది. నోటీసు ఇచ్చామంటారు, సెక్షన్ నంబరు చెబుతారు, ఫైలు చూపుతారు. ఆ ఫైలు నిజమైనదే కావచ్చు. అయినా ఆ మాటతో చర్చ ముగిసిపోదన్నది మా అభిప్రాయం. ప్రభుత్వం చేతిలో ఒక చట్టం ఉండటం వేరు, ఆ చట్టానికి ప్రభుత్వం కూడా లోబడి ఉండటం వేరు. మొదటిది చట్టంతో ఏలడం. రెండవది చట్టం ఏలడం. దీనినే మనం చట్టబద్ధ పాలన అంటున్నాం.

ఈ తేడాను మన దేశం అత్యవసర పరిస్థితి కాలంలో కళ్లారా చూసింది. 1975 జూన్‌లో మొదలైన ఆ నిర్బంధాలలో వేలాది మంది విచారణ లేకుండా జైళ్లకు వెళ్లారు. అదంతా చట్టం పేరిటే జరిగింది. నిర్బంధానికి ‘మీసా’ చట్టం ఉంది. ప్రాథమిక హక్కుల కోసం కోర్టును ఆశ్రయించే వీలును నిలిపివేసే రాష్ట్రపతి ఉత్తర్వు ఉంది. 1976 ఏప్రిల్‌లో జబల్పూర్ కేసుగా పేరుపడిన తీర్పులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తులలో నలుగురు ప్రభుత్వ వాదనను అంగీకరించారు. ఒక అధికారి అక్రమంగా ఒకరి ప్రాణం తీసినా కోర్టు ఏమీ చేయలేదా అన్న ప్రశ్నకు, ఆ ఉత్తర్వు అమలులో ఉన్నంతకాలం చేయలేదనే అర్థం వచ్చేలా నాటి అటార్నీ జనరల్ బదులిచ్చారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టు స్పష్టంగా ప్రకటించడానికి 2017 వరకు, అంటే నలభై ఒక్క ఏళ్లు పట్టింది.

ఇక్కడ ఒక్క పదబంధం చుట్టూ పెద్ద చరిత్ర తిరిగింది. చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ, వ్యక్తిగత స్వేచ్ఛనూ హరించరాదని రాజ్యాంగం 21వ అధికరణం చెబుతోంది. ఆ పద్ధతి ఎలాంటిదై ఉండాలి? శాసనసభ చేసినదైతే చాలునని 1950లో ఎ.కె. గోపాలన్ కేసులో సుప్రీంకోర్టు స్థూలంగా భావించింది. 1978లో మేనకా గాంధీ కేసులో ఆ ఆలోచన మారింది. పద్ధతి కాగితంపై ఉంటే సరిపోదు, అది న్యాయమైనదిగా, సహేతుకమైనదిగా ఉండాలని, బాధితునికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలని కోర్టు తేల్చింది. గోపాలన్ కేసు నుండి మేనకా గాంధీ కేసు వరకు సాగిన దూరమే చట్టంతో ఏలడానికీ, చట్టం ఏలడానికీ మధ్య ఉన్న దూరం.

ఆ దూరం ఒక సామాన్యుని గుమ్మం ముందు ఎలా కనిపిస్తుందో ప్రయాగ్‌రాజ్ ఉదంతం చెబుతుంది. ఉత్తరప్రదేశ్‌లో అనధికార కట్టడాల కూల్చివేతకు 1973 నాటి పట్టణ ప్రణాళిక, అభివృద్ధి చట్టంలోని 27వ సెక్షన్ అధికారమిస్తుంది. అయితే అదే సెక్షన్ రెండు షరతులు కూడా పెట్టింది. కూల్చివేతకు ఆదేశించే ముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఆదేశించాక అప్పీలు చేసుకునేందుకు ముప్పై రోజుల గడువు ఉండాలి. మరి జరిగిందేమిటి? 2020 డిసెంబరు 18న సంజాయిషీ నోటీసు తయారైంది, మనుషులు దొరకలేదంటూ అదే రోజు గోడకు అంటించారు. 2021 జనవరి 8 నాటి కూల్చివేత ఉత్తర్వునూ అంటించారు. రిజిస్టర్డ్ పోస్టులో ఆ ఉత్తర్వు ఇంటివారి చేతికి అందింది మార్చి 6న, శనివారం. మరునాడు ఆదివారం ఇళ్లు నేలమట్టమయ్యాయి. అప్పీలుకు చట్టమిచ్చిన ముప్పై రోజులు ఆచరణలో ఒక్క రాత్రిగా మిగిలాయి. బాధితులలో ఒక న్యాయవాది, ఒక ప్రొఫెసర్, వితంతువులు ఉన్నారు.

ఆ స్థలంపై ప్రభుత్వానికి తన వాదన ఉండవచ్చు. కానీ ఆ వాదన నెగ్గిందో లేదో తేలకముందే ఇల్లు లేకుండా పోయింది. హైకోర్టులో ఊరట దక్కని బాధితులు సుప్రీంకోర్టు మెట్లెక్కారు. నోటీసును నేరుగా అందించేందుకు నిజాయతీగా ప్రయత్నించకుండా గోడకు అంటించి చేతులు దులుపుకోవడాన్ని జస్టిస్ అభయ్ ఎస్. ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ తప్పుపట్టారు. ఆ కూల్చివేత చట్టవిరుద్ధమని 2025 ఏప్రిల్ 1న తేల్చి, ఒక్కొక్కరికి పది లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని ఆదేశించారు. ఇళ్లు పోయిన నాలుగేళ్లకు ఆ న్యాయం దక్కింది.

దీనికి కొన్ని నెలల ముందే, 2024 నవంబరు 13న, జస్టిస్ బి.ఆర్. గవాయి, జస్టిస్ కె.వి. విశ్వనాథన్ దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చారు. ఒక వ్యక్తి నిందితుడైనా, దోషిగా తేలినా, ఆ కారణంతో అతని ఇల్లు కూల్చే అధికారం అధికార యంత్రాంగానికి లేదని స్పష్టం చేశారు. ఇంట్లో ఒకరిపై కేసు ఉంటే తల్లి, భార్య, పిల్లలు నిలువనీడ కోల్పోవడం సామూహిక శిక్షే కదా! ఇలాంటి శిక్షకు చట్టంలో సెక్షన్ లేదు. అందుకే మునిసిపల్ చట్టంలోని మరో సెక్షన్‌ను అరువు తెచ్చుకుంటారు. ఏళ్ల తరబడి ఎవరికీ కనిపించని అతిక్రమణ, అల్లరి జరిగిన మరునాడే, అదీ ఒక్క ఇంటిలోనే కనిపించడం దీనికి ఆనవాలు. చుట్టుపక్కల అలాంటివే అయిన కట్టడాలను వదిలి ఒక్కదానినే ఎంచుకుంటే, అసలు ఉద్దేశం శిక్షించడమేనని అనుమానించవలసి వస్తుందని కోర్టు కూడా గుర్తించింది.

ఆ మార్గదర్శకాల సారాంశం ప్రతి ఇంటివారూ తెలుసుకోదగినది. నోటీసును రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, గోడకూ అంటించాలి. అది అందిన నాటి నుండి కనీసం పదిహేను రోజుల గడువు ఉండాలి. నోటీసు ఇచ్చిన వెంటనే కలెక్టరు కార్యాలయానికి ఈమెయిల్ వెళ్లాలి. పాత తేదీలు వేసి నోటీసులు సృష్టించకుండా ఉండేందుకే ఈ ఏర్పాటు. యజమాని వాదన విన్నాక ఇచ్చే ఉత్తర్వులో, జరిమానాతో క్రమబద్ధం చేసే వీలుందా, కూల్చడం తప్ప మార్గం ఎందుకు లేదు అన్నవి రాయాలి. ఆ తరువాత మరో పదిహేను రోజులు ఆగాలి. కూల్చివేతను వీడియో తీయాలి. వీటిని ఉల్లంఘించిన అధికారి తన సొంత సొమ్ముతో నష్టాన్ని పూడ్చవలసి ఉంటుంది. మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ చివరి నిబంధనే. చట్టం ప్రయోగించే చేతిని కూడా చట్టం పట్టుకుంటుందని అది చెబుతోంది.

దీనికి హద్దులూ ఉన్నాయి. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, రైలు పట్టాల పక్కన, నదులు, చెరువుల వెంట ఉన్న అనధికార కట్టడాలకు ఈ మార్గదర్శకాలు వర్తించవు. పేదలు గుడిసె వేసుకునేది తరచుగా అలాంటి చోటనే. అంతమాత్రాన అక్కడ అధికారులు ఇష్టారాజ్యంగా వ్యవహరించవచ్చని కాదు. 2024 సెప్టెంబరులో అమీన్‌పూర్‌లో హైడ్రా ఆదివారం నాడు చేపట్టిన కూల్చివేతపై తెలంగాణ హైకోర్టు అధికారులను గట్టిగా నిలదీసింది. సెలవు రోజున ఇల్లు కూల్చితే బాధితుడు ఏ కోర్టు తలుపు తట్టగలడు?

అక్రమ కట్టడాలను కాపాడమని మేము కోరడం లేదు. మసీదు పక్కనున్నదైనా, మంత్రిగారిదైనా, ఒకే కొలబద్దతో కొలవాలన్నదే మా వాదన. ఇకపై ‘అంతా చట్టప్రకారమే’ అన్న మాట విన్నప్పుడు మూడు ప్రశ్నలు అడుగుదాం. నోటీసు ఏ రోజున చేతికి అందింది? జవాబు చెప్పుకునేందుకు ఎన్నాళ్లు మిగిలింది? తప్పు జరిగితే ఏ అధికారి బాధ్యుడు? వీటికి జవాబు ఉన్నచోట చట్టం ఏలుతోంది. లేనిచోట చట్టం ఒక బుల్డోజరు మాత్రమే.