ఖాతాలో ఏడాది పొడవునా కదలని డబ్బుకు రెండున్నర శాతమేనా?

ఖాతాదారులారా,

ఈసారి పాసుబుక్ ప్రింటు వేయించినప్పుడు మూడు నెలల వడ్డీ ఎంత పడిందో చూడండి. 2025 జూన్ నుంచి స్టేట్ బ్యాంకుతో సహా చాలా పెద్ద బ్యాంకుల్లో సేవింగ్స్ ఖాతా వడ్డీ ఏడాదికి 2.5 శాతం. అదే కౌంటర్లో, అదే డబ్బును ఏడాదికి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే ఆరు శాతం దాటి ఇస్తున్నారు. ఈ తేడా ఎందుకో, అందులో న్యాయం ఎంతో, మనం అడగాల్సిందేమిటో చెప్పడానికే ఈ కరపత్రం.

ముందు బ్యాంకు వైపు మాట. మనం వేసిన ప్రతి వంద రూపాయల్లో ఇప్పుడు మూడు రూపాయలు రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాలి, దాని మీద బ్యాంకుకు పైసా వడ్డీ రాదు. మరో పద్దెనిమిది రూపాయలు ప్రధానంగా ప్రభుత్వ బాండ్లలో పెట్టాలి. మిగిలిందే అప్పులకు వెళ్తుంది. ఆ అప్పుల్లోనూ నలభై శాతం వ్యవసాయం, చిన్న పరిశ్రమల వంటి ప్రాధాన్య రంగాలకు ఇవ్వాలన్న నిబంధన ఉంది. ఇంటి రుణానికి ఎనిమిది శాతం చుట్టుపక్కల, వ్యక్తిగత రుణానికి పది దాటి వసూలయ్యే వడ్డీలోంచే మన వడ్డీ, సిబ్బంది జీతాలు, ఏటీఎంల ఖర్చు, మొండి బకాయిల నష్టం అన్నీ తీరాలి. ఇంటి రుణం ఇరవై ఏళ్లకు ఇస్తారు. సేవింగ్స్ డబ్బు మనం ఈ సాయంత్రమే ఫోన్లోంచి తీసేయవచ్చు. డిపాజిట్ వేసినవాడు ఏడాది దాకా ముట్టుకోనని మాట ఇస్తున్నాడు. ఆ మాటకే ఎక్కువ వడ్డీ అంటారు బ్యాంకర్లు. ఇంతవరకూ మాకూ పేచీ లేదు.

పేచీ ఇక్కడ మొదలవుతుంది. ఏ డబ్బు ఎప్పుడు బయటికి పోతుందో బ్యాంకులు ముందుగా అంచనా కట్టుకోవాలి. దానికి రిజర్వు బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాల్లో సేవింగ్స్ నిల్వల గురించి ఒక లెక్క ఉంది. మామూలుగా పది శాతం మాత్రమే ఎప్పుడైనా పోయే డబ్బు. తక్కిన తొంభై శాతం నిలకడైన డబ్బు, దాన్ని ఏడాది నుంచి మూడేళ్ల గడువున్న సొమ్ము వరుసలో చూపవచ్చు. సొంతంగా అధ్యయనం చేసుకుని అంకెలు మార్చుకునే వీలు బ్యాంకులకు ఉంది కానీ సూత్రం ఇదే. ఒకరు తీస్తే ఇంకొకరు వేస్తారు, మొత్తం మీద నిల్వ కదలదు. అంటే మనకు వడ్డీ ఇచ్చేటప్పుడు అది రేపే పోయే డబ్బు, తమ పుస్తకంలో రాసుకునేటప్పుడు ఏడాదికి పైగా ఉండే డబ్బు!

పైగా వడ్డీలు తగ్గే కాలంలో మొదటి దెబ్బ సేవింగ్స్ ఖాతాకే. 2019 అక్టోబరు తర్వాత ఇచ్చిన చరవడ్డీ ఇంటి రుణాలు రెపో రేటు లాంటి బయటి కొలమానానికి ముడిపడి ఉన్నాయి. 2025 ఫిబ్రవరి, జూన్ మధ్య రెపో 6.5 నుంచి 5.5కు దిగితే ఆ రుణాల వడ్డీ కూడా దిగింది. ఇప్పటికే రసీదు ఇచ్చిన డిపాజిట్ల వడ్డీని గడువు తీరేదాకా బ్యాంకు ముట్టుకోలేదు. ఒక్క రోజులో తగ్గించగలిగేది సేవింగ్స్ వడ్డీనే. తగ్గించారు. 2011 అక్టోబరు దాకా ఈ రేటును రిజర్వు బ్యాంకే నిర్ణయించేది, అప్పుడది 4 శాతం. ఆ తర్వాత బ్యాంకుల ఇష్టానికి వదిలేశారు. పోటీ పడి పెంచుతారన్న ఆశ కొన్ని చిన్న బ్యాంకుల దగ్గరే ఆగిపోయింది.

రేటును మళ్లీ రిజర్వు బ్యాంకే ఖరారు చేయాలని మేం అడగడం లేదు. అంతకన్నా తేలికైన దారి ఇప్పటికే బ్యాంకుల్లో ఉంది. దాని పేరు ఆటో స్వీప్. స్టేట్ బ్యాంకులో మల్టీ ఆప్షన్ డిపాజిట్ అంటారు. ఖాతాలో ఒక హద్దు దాటిన సొమ్ము తనంతట తానే డిపాజిట్‌గా మారుతుంది. చెక్కు వచ్చినా, ఏటీఎంలో తీసినా, ఖాతాలో చాలనంత మేరకే ఆ డిపాజిట్ విరిగి వెనక్కి వస్తుంది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. పెళ్లి కోసం దాచిన రెండు లక్షలు ఒక కుటుంబం ఖాతాలో ఉన్నాయనుకోండి. హద్దు నలభై వేలు, ఏడాది డిపాజిట్ వడ్డీ 6.25 శాతం. 1,60,000 డిపాజిట్‌లోకి పోతుంది. ఆరు నెలలకు ఆసుపత్రి ఖర్చు 70,000 వచ్చింది. ఖాతాలోని నలభై వేలు పోగా డిపాజిట్‌లోంచి ముప్పై వేలు విరుగుతుంది. విరిగిన ముక్కకు, అది ఉన్న ఆరు నెలలకు వర్తించే రేటులోంచి అర శాతం జరిమానా పోను ఐదు శాతం అనుకుంటే, 750 రూపాయలు. కదలని 1,30,000కు ఏడాదికి 8,125. ఖాతాలోని నలభై వేలకు ఆరు నెలల సేవింగ్స్ వడ్డీ 500. మొత్తం 9,375. స్వీప్ లేకుండా ఇదే డబ్బు, ఇదే ఖర్చు అయితే వచ్చేది 4,125. చక్రవడ్డీ వదిలేసిన మోటు లెక్కే ఇది. అయినా మధ్యలో డబ్బు తీసి, జరిమానా కట్టి కూడా రెట్టింపు కన్నా ఎక్కువే మిగిలింది.

ఇంత మేలున్న సౌకర్యం గురించి ఖాతా తెరిచే రోజు మనకు చెప్పేవాళ్లు అరుదు. బీమా పాలసీ గురించి మాత్రం కూర్చోబెట్టి చెబుతారు. అందుకే మా కోరిక ఇది: ఖాతా తెరిచే ఫారంలోనే స్వీప్ కావాలా, వద్దా అన్న గడి ఉండాలని, పాత ఖాతాదారులకు ఇదే ప్రశ్న మెసేజీగా పంపాలని, హద్దు పదివేలకు దించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించాలి. ఇలాంటిది అది ఇదివరకు చేసింది. ఒకప్పుడు నెలలో పదో తేదీ నుంచి నెలాఖరు దాకా ఉన్న అతి తక్కువ నిల్వ మీదే వడ్డీ కట్టేవారు. పదిహేనో తేదీన అద్దె కట్టామంటే, అంతకుముందు రెండు వారాలున్న ఆ డబ్బుకు వడ్డీ సున్నా. 2010 ఏప్రిల్ 1 నుంచి రోజువారీ నిల్వ మీద కట్టాలని ఆదేశించడంతో దేశంలో ప్రతి ఖాతాకూ ఆ మార్పు అందింది, ఎవరూ దరఖాస్తు పెట్టుకోకుండానే.

దీనివల్ల బ్యాంకుల లాభం కొంత తగ్గుతుంది. సేవా రుసుములు పెంచే ప్రయత్నమూ చేయవచ్చు. పదివేలు కూడా నిలవని ఖాతాలకు స్వీప్ వల్ల ఒరిగేదేమీ లేదు, అది ఒప్పుకోవాలి. స్వీప్‌లోనూ చూసుకోవాల్సినవి ఉన్నాయి. ఏడు రోజుల్లోపు విరిగిన ముక్కకు వడ్డీ రాదు. విరిచేటప్పుడు చివర వేసిన ముక్క ముందు విరిగితే మనకు నష్టం తక్కువ, పాతది ముందు విరిగితే ఎక్కువ. ఇది ఏ పద్ధతో రాతపూర్వకంగా అడగండి. డిపాజిట్ వడ్డీ ఒక పరిమితి దాటితే మూలంలోనే పన్ను కోస్తారు, సేవింగ్స్ వడ్డీకి అలా కోయరు. విడిగా డిపాజిట్ రసీదు ఉన్నవాళ్లు అది తనంతట తాను రెన్యూ అయ్యేలా రాసి ఉందో లేదో చూడండి. గడువు తీరినా తీసుకోకుండా వదిలేస్తే, ఆపై రోజులకు సేవింగ్స్ రేటు, పాత డిపాజిట్ రేటు రెండింటిలో ఏది తక్కువైతే అదే వస్తుంది.

ఆదేశం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈ వారమే మీ బ్రాంచికి వెళ్లి ఆటో స్వీప్ కోసం తెల్లకాగితం మీద దరఖాస్తు రాసివ్వండి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. సౌకర్యం ఉండి కూడా ఇవ్వకపోతే బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు పెట్టవచ్చు. అసలు ఆ సౌకర్యమే లేదని మీ బ్యాంకు చెబితే, ఆ జవాబును కాగితం మీద తీసుకుని మాకు ఒక నకలు ఇవ్వండి. రిజర్వు బ్యాంకుకు పంపే వినతిపత్రానికి అవన్నీ జత చేస్తాం.

ఇట్లు,
కొందరు సేవింగ్స్ ఖాతాదారులు