గల్లా ముందు తిట్టు, వెనకగదిలో తిట్టు

బందరులో ఒక రోల్డుగోల్డు దుకాణం. ముందు గల్లా, అద్దాల బీరువాలు. వెనకగదిలో అతుకుపని, మెరుగుపని. మన పేట కుర్రాడు నాలుగేళ్ళుగా అక్కడ గాజులకు మెరుగు పెడుతున్నాడు. ఏడు వారాలపాటు ఒక్క ఆదివారం కూడా ఇంటిపట్టున లేడు. ఏప్రిల్ 14కు సెలవడిగితే షావుకారు కులంపేరెత్తి తిట్టి, "అడ్వాన్సు కక్కి ఎటైనా పో" అన్నాడు.

గుడివాడ కొట్లలో నిలబడేవాళ్ళకీ, దివిసీమ నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళకీ ఇది కొత్తగాదు. "మాటేగా, పడితే పోలా" అంటారు మన పెద్దలే. మాట పడితే పోయేది మాట ఒక్కటేనా? రేపు సెలవడిగే నోరు కూడా పోతుంది. షావుకారుకు కావలసింది అదే.

సెలవు సంగతి చూద్దాం. దుకాణాల చట్టం 1988లో వచ్చినప్పుడే పనివాడికి వారానికి ఒకరోజు సెలవు, ఆ రోజు జీతం కోత లేకుండా, అని రాసింది. రాసినా ఏం లాభం? మనవాడి పేరు ఏ రిజిస్టర్లో ఉంది? జీతం చేతికిస్తారు, చీటీ ఇవ్వరు. లేబరాఫీసుకు పోతే మొదటి ప్రశ్న, "నువ్వక్కడ పనిచేస్తున్నట్టు రుజువేది?" చట్టం అక్కడే ఆగిపోతుంది.

ఇక తిట్టు. 1989 అట్రాసిటీ చట్టం కింద కులంపేరుతో తిట్టడం నేరమే. కానీ పదిమందికి కనబడేచోట, వినబడేచోట తిట్టి ఉండాలి. నాలుగ్గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనిచోట అన్నమాట దీనికిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు హితేష్ వర్మ కేసులో చెప్పింది. అంటే అదే నోరు, అదే మాట. గల్లా ముందు, బేరానికొచ్చినవాళ్ళు వింటుండగా అంటే కేసు. వెనకగదిలో తలుపేసి అంటే కేసు నిలవదు. ఈ తేడా షావుకార్లకు మనకన్నా ముందే తెలిసింది!

అందుకే తిట్టు పడ్డ రోజే ఎక్కడ, ఎన్నింటికి, ఏ మాట, ఎవరు విన్నారో రాసిపెట్టాలి. 2018 సవరణ ప్రకారం ఎఫ్‌ఐఆర్‌కు ముందస్తు విచారణ అక్కర్లేదు. స్టేషన్లో తీసుకోకపోతే కాగితం ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. దర్యాప్తు చెయ్యవలసింది డీఎస్పీ.

అడ్వాన్సు ఇచ్చాను గనక కదలడానికి వీల్లేదంటే అది వెట్టి. 1976లోనే వెట్టి రద్దయింది. దానికి పోవలసింది ఆర్డీవో దగ్గరికి.

ఇవన్నీ ఒంటరిగా చేసినవాడి పని మర్నాడే పోతుంది. ఆ గదిలో ఏడుగురుంటే ఏడుగురూ పనికొచ్చిన రోజులు, అందిన జీతం ఎవరి నోటుబుక్కులో వాళ్ళు ఈ నెల నుంచే రాయాలి. ఒకడి పుస్తకం షావుకారుకు చిత్తుకాగితం. ఏడు పుస్తకాల్లో ఒకే లెక్క ఉంటే అది రిజిస్టరే.