తప్పు జవాబు చూస్తే తప్పెక్కడో తెలియాలి: బిగినర్స్ పైథాన్ వర్క్‌బుక్‌పై నా వాదన

అమీర్‌పేట జిరాక్స్ షాపుల్లో దొరికే పైథాన్ నోట్స్ చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. వేరియబుల్స్ రెండు పేజీలు, డేటా టైప్స్, ఆపరేటర్లు, తర్వాత లూప్స్. లూప్స్ రాగానే స్టార్ పిరమిడ్ ప్రింట్ చేయమంటారు. చాలామంది ఆగిపోయేది అక్కడే. లూప్ కష్టమని అనుకుంటారు గానీ, నా లెక్క ప్రకారం అసలు ఇబ్బంది వేరియబుల్ దగ్గరే ఉంది.

`charge = charge - 2` అనే లైను చూడండి. స్కూల్లో నేర్చుకున్న లెక్కల ప్రకారం ఇది తప్పు సమీకరణం. పైథాన్‌లో మాత్రం ఇదొక పని: ముందు కుడివైపు లెక్క కట్టు, వచ్చిన విలువని ఎడమవైపు పేరులో పెట్టు. ఈ ఒక్క లైను ఒంటబట్టకుండా లూప్‌లోకి దూకితే అంతా బట్టీ పట్టడమే అవుతుంది. అందుకే వర్క్‌బుక్ రాసేవాళ్లు వేరియబుల్స్‌కి, లూప్స్‌కి మధ్య చిన్న చిన్న మెట్లు కట్టాలి.

మనందరికీ తెలిసిన మెట్రో బ్లూ లైన్‌నే తీసుకుందాం. అమీర్‌పేటలో ఎక్కినప్పుడు ఫోన్ చార్జింగ్ 40 శాతం ఉంది. స్టేషన్‌కి 2 శాతం చొప్పున తగ్గుతుంది అనుకోండి.

మొదటి మెట్టు: `charge`లో 40 పెట్టి ప్రింట్ చేయడం. రెండోది: మధురానగర్ చేరాక ఎంతుందో ఆ తగ్గించే లైనుతో కనుక్కోవడం. జవాబు 38. మూడోది: అదే లైను మూడుసార్లు రాసి యూసుఫ్‌గూడ మీదుగా జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 5 దాకా వెళ్లడం. జవాబు 34. నాలుగోది: హైటెక్ సిటీ దాకా ఎనిమిదిసార్లు రాయడం. ఇక్కడ కావాలనే విసుగు పుట్టించాలి. "ఇదే లైను ఇన్నిసార్లు ఎందుకు రాయాలి?" అని చదివేవాళ్లకే అనిపించాక ఐదో మెట్టులో లూప్ చూపించాలి.

```python
charge = 40
for station in range(8):
    charge = charge - 2
print(charge)
```

జవాబు 24. ఈ లెక్కలో నాకు నచ్చేది ఒకటుంది. ఒక్కో తప్పుకి ఒక్కో వేరే అంకె వస్తుంది. 40 వచ్చిందంటే `charge - 2` అని మాత్రమే రాశారు, ఫలితాన్ని తిరిగి `charge`లో పెట్టలేదు. 38 వచ్చిందంటే `charge = 40` లైను లూప్ లోపలికి వెళ్లింది, ప్రతి స్టేషన్‌లో ఫోన్ మళ్లీ 40కి వచ్చేస్తోంది. 22 వచ్చిందంటే ఎక్కిన అమీర్‌పేటని కూడా కలిపి తొమ్మిది లెక్కపెట్టారు. ఎనిమిది అంకెలు వరసగా పడ్డాయంటే `print` లూప్ లోపల ఉంది. పైడ్రాయిడ్ లాంటి యాప్‌తో ఫోన్‌లోనే కోడ్ రాసేవాళ్లకి చిన్న కీబోర్డు మీద ఈ స్పేస్ తప్పు మరీ తేలిగ్గా దొర్లుతుంది.

కాబట్టి హింట్లు వచ్చిన అంకెని బట్టి ఉండాలి. "లూప్ ఉపయోగించండి" అనే హింట్‌తో ఎవరికీ ఉపయోగం లేదు. 38 వచ్చినవాళ్లకి మొదటి హింట్ ఒక ప్రశ్న: "రెండో స్టేషన్ మొదలయ్యేటప్పుడు charge ఎంత?" అప్పటికీ తెగకపోతే రెండో హింట్ డ్రై రన్: కాగితం మీద స్టేషన్, charge అని రెండు గడులు గీసి మూడు వరసలు నింపమనాలి. ప్రతి వరసలోనూ 38 అనే పడుతుంటే తప్పు వాళ్లకే కనిపిస్తుంది. మూడో హింట్‌లో లైన్లు ఇచ్చి, `charge = 40` ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలేయాలి. పూర్తి కోడ్ పుస్తకం చివర్లోనే ఉండాలి.

అంకెలు ఎంచుకునేటప్పుడే ఇదంతా చూసుకోవాలి. ఇదే లూప్‌ని మధురానగర్ దాకా ఒక్క స్టేషన్‌కే అడిగారనుకోండి. సరైన జవాబూ 38, `charge = 40` లోపల పెట్టినా 38. తప్పు దాక్కుంటుంది, చదివేవాళ్లు పాసైపోయామనుకుంటారు.

ఈ పద్ధతికీ ఓ పరిమితి ఉంది. నోటితో లెక్కేసి `print(24)` అని రాసినా జవాబు సరిపోతుంది. అందుకే ప్రతి ప్రశ్నకీ రెండో టెస్ట్ పెట్టాలి: 50తో మొదలై ఐదు స్టేషన్లు వెళ్తే 40 రావాలి. మార్చాల్సింది రెండే అంకెలు. లూప్ అర్థమైనవాళ్లకి అవెక్కడున్నాయో వెంటనే తెలుస్తుంది.

స్టార్ పిరమిడ్‌ని వద్దనడం లేదు. అందులో లూప్ లోపల ఇంకో లూప్ ఉంటుంది, వరస మారినప్పుడల్లా స్టార్ల లెక్క మారాలి. ఒక్క `charge` ఎలా మారుతోందో కాగితం మీద చూపించలేనివాళ్లకి అది రెండింతల గందరగోళం. మీరు జూనియర్లకో తమ్ముడికో వర్క్‌బుక్ తయారుచేస్తుంటే, ప్రతి ప్రశ్న పక్కన రాగల తప్పు జవాబులు కనీసం మూడు ముందే రాసి పెట్టుకోండి. అవి రాయలేకపోతున్నారంటే ఆ ప్రశ్నని మార్చాల్సిందే.