డ్రైవింగ్ స్కూల్ ఫీజు: క్లాసుకెంత అని కాదు, గంటకెంత అని అడగండి

మా ఇంట్లో కారు కొని ఎనిమిది నెలలైంది. అందులో ఆరు నెలలు అది సెల్లార్‌లోనే దుమ్ము కొట్టుకుంటూ పడుంది, ఈఎంఐ మాత్రం ఠంచనుగా ఐదో తారీఖున కట్ అవుతూనే ఉంది. నేను ఆఫీసు బస్సులో పోతాను. కారు కొన్నదే మా ఆవిడ కోసం. తను కొండాపూర్‌లో ఒక డ్రైవింగ్ స్కూల్లో ఇరవై క్లాసులు పూర్తిచేసి, టెస్టు పాసై, లైసెన్సు కూడా తెచ్చుకుంది. కానీ రోడ్డు మీదకి రమ్మంటే చెమటలు పట్టేవి. "మేడమ్, మీకు క్లచ్ కంట్రోల్ లేదు, అందరికీ రాదులెండి" అని ఆ ట్రైనర్ ఒక మాటన్నాడట. తను నిజమే అనుకుంది. దాచడమెందుకు, నేనూ అలాగే అనుకున్నాను, ఒకట్రెండుసార్లు జోకులు కూడా వేశాను.

తర్వాత మా మరదలు నేర్చుకుంటానంటే, ఈసారి కాస్త బుద్ధిగా మూడు స్కూళ్ళ రేట్లు కనుక్కుని ఎక్సెల్‌లో వేశాను. అప్పుడు తెలిసింది, తప్పు మా ఆవిడ క్లచ్‌ది కాదని.

మొదటిది మా ఆవిడ వెళ్ళిందే. ఇరవై క్లాసులు, క్లాసు అరగంట, చిన్న కారు, 5,500 రూపాయలు. రెండోది పదిహేను క్లాసులు, క్లాసు ముప్పావుగంట, కాస్త పెద్ద హ్యాచ్‌బ్యాక్, 7,000. మూడోది సిమ్యులేటర్, ఏసీ థియరీ క్లాసు ఉన్న పెద్ద స్కూలు. ఇరవై అరగంటల క్లాసులు, 9,500. ఆటోమేటిక్ కారు కావాలంటే ఇంకో రెండు వేలు. చూడగానే మొదటిదే చవక అనిపిస్తుంది కదా? క్లాసులు ఎక్కువ, ఫీజు తక్కువ. గంటకి లెక్కేసినా అదే గెలుస్తుంది: పది గంటలకి 5,500 అంటే గంటకి 550. రెండోది పదకొండుంపావు గంటలు, గంటకి 620 పైచిలుకు. మూడోది 950.

కానీ ఆ అరగంటలో స్టీరింగ్ మన చేతిలో ఉండేది ఎంతసేపు? మా ఆవిడ చివరి వారం క్లాసులకి ఫోన్‌లో టైమ్ రాసుకుంది (తనకి అన్నీ రాసుకునే అలవాటు, ఆ అలవాటే ఇప్పుడు పనికొచ్చింది). ట్రైనర్ కారు తెచ్చి ఆపేసరికి నాలుగైదు నిమిషాలు ఆలస్యం. మెయిన్ రోడ్డు దాకా ట్రాఫిక్ అని అతనే నడిపేవాడు. మధ్యలో డీజిల్ బంకు. చివర్లో తర్వాతి అమ్మాయిని ఎక్కించుకోవడం, సీట్లు మారడం. సగటున తన చేతిలో ఉన్నది 18 నిమిషాలు. ఇరవై క్లాసులకి ఆరు గంటలు. అంటే గంటకి 550 కాదు, 917.

రెండో స్కూల్లో ఒక కార్లో ఒక్కరే. నేను ఒకరోజు వెనక సీట్లో కూర్చుని చూశాను. నలభై నిమిషాలు కచ్చితంగా అభ్యర్థి చేతిలోనే ఉంది. పదిహేను క్లాసులకి పది గంటలు, గంటకి 700. మూడోదాంట్లో ఇరవై ఎనిమిది నిమిషాలు, అంటే తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు, గంటకి వెయ్యి పైన. చవకనుకున్నది రెండోదానికన్నా ఖరీదైపోయింది.

ఇంతకీ పది గంటలే ఎందుకు? కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో సొంత కారు నేర్పే స్కూలుకి కనీసం 21 రోజుల శిక్షణ, పది గంటల అసలు డ్రైవింగ్ ఉండాలని రాసుంది. 2021లో వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నియమాల్లోనైతే లైట్ మోటార్ వెహికల్‌కి 29 గంటలు, అందులో 21 ప్రాక్టికల్. స్కూళ్ళు ఫారమ్ 15 అనే రిజిస్టర్‌లో ప్రతి అభ్యర్థి ఎన్ని గంటలు నడిపారో రాయాలి. మా ఆవిడని ఎవరూ ఆ రిజిస్టర్ అడగలేదు, ఆమె అది చూడనూ లేదు. చేరేముందు "ఫారమ్ 15 చూపిస్తారా" అని అడిగి చూడండి, మొహంలో మార్పు వచ్చిందంటే మీకు సమాధానం దొరికినట్టే :-)

ఇంకో కిటుకు ఉంది. స్కూలు కారులో ట్రైనర్ వైపు కూడా క్లచ్, బ్రేక్ ఉంటాయి. అతను నొక్కితే మన పెడల్ కూడా కిందికి దిగుతుంది. మీరు నొక్కకుండానే పాదం కింద పెడల్ కదిలితే, ఆ పని మీరు చేయడం లేదు, అతను చేస్తున్నాడు. మా ఆవిడ ఇరవై క్లాసుల్లో సగం అలా గడిచాయి. ఆ ఆరు గంటల్లోనూ నిజంగా క్లచ్ తొక్కింది ఎంతో ఆ దేవుడికే తెలియాలి. ఐదో క్లాసు నుంచి ట్రైనర్ కాళ్ళు వెనక్కి పెట్టుకోమని అడగాలి.

ఇప్పుడు ఎక్స్‌ట్రా ప్రాక్టీసు. అసలు లాభం స్కూళ్ళకి ఇక్కడే. మొదటి స్కూలు ఎక్స్‌ట్రా క్లాసు 400. పది గంటలకి ఇంకా నాలుగు గంటలు కావాలి, 18 నిమిషాల చొప్పున పద్నాలుగు క్లాసులు, 5,600. మొత్తం 11,100! రెండో స్కూల్లో 7,000కే అయిపోయే పని. తక్కువ నేర్పితే ఎక్కువ క్లాసులు అమ్ముడుపోతాయి, ఎవరి తప్పని అడుగుతాం?

టెస్టు ఫీజు సంగతికొస్తే, మా ఆవిడ స్కూలు "లైసెన్సు ప్యాకేజీ" అని 4,500 విడిగా తీసుకుంది. కేంద్ర నియమాల ప్రకారం ఒక్క కారుకి లెర్నర్ లైసెన్సు 150, దాని టెస్టు 50, డ్రైవింగ్ టెస్టు 300, లైసెన్సు 200, అంతా కలిపి 700. దానిపైన రాష్ట్రం సర్వీసు చార్జీలు ఉంటాయి. మిగతాది దేనికి అంటే, స్లాట్ బుకింగ్, టెస్టు రోజు కారు. స్లాట్ మనమే బుక్ చేసుకోవచ్చు, రోజూ వెబ్‌సైట్లు కట్టేవాళ్ళం! కారు అద్దెకి మాత్రం డబ్బిస్తే నష్టం లేదు, ఎందుకంటే హెచ్ ట్రాక్ మీద రివర్స్ చేసేది అలవాటైన కార్లో అయితేనే గీత తాకకుండా వస్తుంది. ఒకవేళ ఫెయిలైతే మళ్ళీ టెస్టు ఫీజు 300, మళ్ళీ కారు అద్దె. అది ప్యాకేజీలో ఉందా లేదా కాగితం మీద రాయించుకోండి.

ఆటోమేటిక్ విషయంలో ఒక అపోహ ఉంది. మన దగ్గర లైసెన్సులో ఆటోమేటిక్, మాన్యువల్ అని తేడా లేదు. బ్రిటన్‌లో ఆటోమేటిక్‌లో పాసైతే దానికే పరిమితం, ఇక్కడ అలా కాదు. కాబట్టి ఇంట్లో ఉన్నది ఆటోమేటిక్ అయితే రెండు వేలు ఎక్కువిచ్చి అందులోనే నేర్చుకోవడం నాకు దండగ అనిపించదు. మాన్యువల్ కారుంటే మాత్రం ఆ రెండు వేలు మూడు ఎక్స్‌ట్రా గంటలకి పెట్టడం నయం.

మా ఆవిడకి చివరికి మేం చేసిందేమిటంటే, ట్రైనర్‌ని మా కారులోనే కూర్చోబెట్టుకుని గంటకి 500 చొప్పున ఎనిమిది గంటలు. 4,000. ఇందులో అతని వైపు బ్రేక్ ఉండదు కాబట్టి పూర్తిగా కొత్తవాళ్ళు ఇలా మొదలుపెట్టకూడదు. లెర్నర్ లైసెన్సు మీద ఉన్నవాళ్ళకైతే ఎల్ బోర్డు ఉండాలి, లైసెన్సున్న మనిషి పక్కనే బండి ఆపగలిగేలా కూర్చోవాలి.

మొన్న ఆదివారం తనే గచ్చిబౌలి దాకా తీసుకెళ్ళింది. ఫ్లైఓవర్ ఎక్కే చోట ట్రాఫిక్ ఆగితే, ఎత్తు మీద కారు ఒక్క అంగుళం కూడా వెనక్కి జారలేదు. నేను హ్యాండ్‌బ్రేక్ మీద చెయ్యి పెట్టబోతే "తియ్యి ముందు" అంది.