వాన మీద నడిచే అమ్మకానికి జీతం ఎలా కట్టాలి

పురుగుమందుల కంపెనీలో టెరిటరీ ఆఫీసర్‌కు ఇచ్చే జీతం లేఖలో ముఖ్యమైన అంకెలు మూడు. నెలనెలా తప్పకుండా వచ్చే ఫిక్స్‌డ్ ఒకటి, టార్గెట్ చేరితే వచ్చే వేరియబుల్ ఒకటి, రెండూ కలిపిన మొత్తం ఇంకొకటి. నూటికి నూరు శాతం టార్గెట్ చేరినవాడి చేతికి ఏడాదిలో రావలసిన ఈ మొత్తాన్ని లక్ష్య సంపాదన అందాం. దాన్ని ఎంతగా నిర్ణయించాలి, అందులో ఎంత ఖాయంగా ఇచ్చి ఎంత పందెంలో పెట్టాలి అన్నది కంపెనీ లోపలి లెక్కలా కనిపిస్తుంది. కానీ గుంటూరు, పల్నాడు, ఖమ్మం, వరంగల్ మిరప ప్రాంతాల్లో ఆ లెక్క డీలర్ గోదాము దాకా, అక్కడి నుంచి రైతు చేను దాకా వెళ్తుంది. అందుకే దీని గురించి బయట కూడా మాట్లాడుకోవాలి.

వేరియబుల్ వాటా ఎంత ఉండాలో తేల్చే ప్రశ్న ఒక్కటే: కొనేవాడి నిర్ణయంలో అమ్మేవాడి చెయ్యి ఎంత? పెద్ద సంస్థలకు సాఫ్ట్‌వేర్ అమ్మే మనిషి నెలల తరబడి తిరిగి, నచ్చజెప్పి, ధర కుదిర్చి ఒప్పందం తెస్తాడు. అతను లేకపోతే ఆ ఒప్పందమే లేదు. అందుకే అక్కడ సగం ఫిక్స్‌డ్, సగం వేరియబుల్ అనే పద్ధతి మామూలైంది. మిరప చేలో మందు అమ్మకం అలాంటిది కాదు. వాన ఎప్పుడు పడింది, ఎంత విస్తీర్ణంలో మొక్క నాటారు, ఏ పురుగు వచ్చింది, కిందటేడు ధర ఎలా పలికింది అన్నవే ఆ సీజన్ అమ్మకంలో పెద్ద భాగాన్ని నిర్ణయిస్తాయి. 2021-22లో రెండు తెలుగు రాష్ట్రాల మిరప తోటల్లో కొత్త రకం నల్ల తామర పురుగు విరుచుకుపడింది. దిక్కుతోచక రైతులు మందు మీద మందు కొట్టారు. ఆ ఏడాది పెరిగిన అమ్మకంలో టెరిటరీ ఆఫీసర్ గొప్పతనం ఎంత? వర్షం మొహం చాటేసి అమ్మకం పడిపోయిన ఏడాదిలో అతని తప్పు ఎంత? రెండింటికీ జవాబు ఒకటే అయినప్పుడు జీతంలో పెద్ద వాటాను ఆ అమ్మకానికి ముడిపెట్టడం న్యాయం కాదు, కంపెనీకి లాభమూ కాదు.

అంకెల్లో చూద్దాం. ఏడాదికి 3 కోట్ల రూపాయల అమ్మకం టార్గెట్ ఉన్న ఒక టెరిటరీని ఊహించుకోండి. ఆఫీసర్ లక్ష్య సంపాదన ఏడాదికి 7,20,000, అంటే నెలకు 60,000. ప్రయాణ భత్యం వేరు. కంపెనీ దీన్ని 60:40గా విడగొట్టిందనుకుందాం. ఫిక్స్‌డ్ 36,000, వేరియబుల్ 24,000. టార్గెట్‌లో 80 శాతం దాటితేగానీ వేరియబుల్ మొదలు కాదన్న షరతు ఉంది. వాన ముఖం చాటేసి అమ్మకం 75 శాతం దగ్గర ఆగిపోతే ఆ కుటుంబం 36,000తో నెట్టుకురావాలి. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, బైకు కిస్తీ మాత్రం 60,000 చూసి కుదుర్చుకున్నవి. ఇలాంటి స్థితిలో ఉన్న మనిషి 80 శాతం గీత దాటడానికి ఏం చేస్తాడో ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. సెప్టెంబరు చివరి వారంలో డీలర్ దగ్గరకు వెళ్లి, ‘అన్నా, ఇంకో ఇరవై లక్షల బిల్లు వేసుకో. మిగిలితే నేనే వెనక్కి తీసుకుంటా’ అంటాడు.

ఇక్కడ రెండు మాటల తేడా తెలుసుకోవాలి. కంపెనీ డిపో నుంచి సరుకు డీలర్ కొట్లోకి చేరడాన్ని ప్లేస్‌మెంట్ అంటారు. డీలర్ కొట్టు నుంచి రైతు చేతికి వెళ్లడాన్ని లిక్విడేషన్ అంటారు. కంపెనీ పుస్తకాల్లో బిల్లు పడేది మొదటి దశలో. అసలు అమ్మకం జరిగేది రెండో దశలో. మన టెరిటరీ ఖరీఫ్ టార్గెట్ 1 కోటి 80 లక్షలు. సెప్టెంబరు ఆఖరుకు 1 కోటి 90 లక్షల బిల్లులు పడ్డాయి. కాగితం మీద 105 శాతం దాటింది, ఇన్సెంటివ్ విడుదలైంది. జనవరికల్లా డీలర్ల దగ్గర మిగిలిన 45 లక్షల సరుకు వెనక్కి వచ్చింది. నికరంగా అమ్మింది 1 కోటి 45 లక్షలే, అంటే దాదాపు 81 శాతం. ఇచ్చిన ఇన్సెంటివ్‌ను కంపెనీ రబీ జీతంలోంచి కోయాలని చూస్తుంది. ఆఫీసర్ అప్పటికే వేరే కంపెనీలో చేరి ఉండొచ్చు. వెనక్కి వచ్చిన సరుకు గడువు దగ్గరపడి ఉంటుంది, రానుపోను రవాణా ఖర్చు కంపెనీదే.

ఇంతకన్నా బాధ కలిగించేది, వెనక్కి రాని సరుకు సంగతి. గోదాము నిండిన డీలర్ ఆ సరుకును ఎలాగైనా కదిలించాలి. మన ఊళ్లలో చాలామంది రైతులకు మందు అరువిచ్చేది, ఏది కొట్టాలో చెప్పేది ఆ డీలరే. చాలాచోట్ల పంట అమ్మిన డబ్బులోంచి బాకీ ముట్టేదీ అతనికే. అలాంటి రైతు డీలర్ ఇచ్చిన మందును కాదనలేడు. అవసరం లేని ఒక పిచికారీ చేలో పడుతుంది, దాని ఖరీదు రైతు ఖాతాలోకి ఎక్కుతుంది. 60:40 అని ఏ కార్యాలయంలోనో వేసిన గీత ఇలా రైతు అప్పుగా తేలుతుంది. వేరియబుల్ వాటా పెంచితే సిబ్బంది చురుగ్గా పనిచేస్తారని వాదించే మేనేజర్లు ఈ చివరి మెట్టు దాకా చూడాలి.

ఈ ఉద్యోగానికి 80:20 సరిపోతుందని నా అభిప్రాయం. 20 శాతం తక్కువేమీ కాదు, సక్రమంగా అందితే ఏడాదికి మూడు నెలల ఫిక్స్‌డ్ జీతంతో సమానం అవుతుంది. పూర్తిగా ఫిక్స్‌డ్ చేయమనడం లేదు. ప్రదర్శన క్షేత్రాలు పెట్టి, రైతులను పొలం దగ్గరే కలిసి, బాకీలు సకాలంలో రాబట్టే ఆఫీసర్‌కీ, డిపోలో కూర్చుని ఫోన్లు చేసేవాడికీ తేడా ఉండాలి. కాకపోతే ఆ తేడాను కొలిచే తీరు మారాలి. అన్నీ కొలవాలని ఏడెనిమిది అంశాలు పెడితే ఒక్కోదానికి పది శాతమో పదిహేను శాతమో వస్తుంది, దేన్నీ ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ రెండు చాలు: సరుకు వాపసులు పోగా మిగిలిన నికర అమ్మకం, డీలర్ల నుంచి వచ్చిన వసూళ్లు. చెరి సగం.

నికర అమ్మకాన్ని కొలిచేటప్పుడు వాన ప్రభావాన్ని తీసేయడానికి ఒక దారి ఉంది. ఆఫీసర్ శాతాన్ని అతని టార్గెట్‌తో మాత్రమే పోల్చి వదిలేయకుండా, అదే రీజియన్‌లోని మిగతా టెరిటరీల సగటుతోనూ పోల్చాలి. పైన చెప్పిన ఆఫీసర్ నికరంగా 81 శాతం చేశాడు. ఆ ఏడాది రీజియన్ మొత్తం సగటు 72 శాతమే అనుకుందాం. అప్పుడతను ఓడిపోయినవాడు కాడు, తోటివారికన్నా ఎనిమిదో వంతు ఎక్కువ సాధించినవాడు. పురుగు ఉధృతి వల్ల అందరి అమ్మకాలూ 130 శాతానికి ఎగబాకిన ఏడాదిలో 120 శాతం చేసినవాడు వెనకబడినట్టే. ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. రీజియన్‌లోని టెరిటరీలకు దాదాపు ఒకే పంట, ఒకే వాతావరణం ఉండాలి. సాగర్ ఆయకట్టులోని వరి టెరిటరీని మెట్ట మిరప టెరిటరీతో కలిపి సగటు తీస్తే ఇదీ అన్యాయమే అవుతుంది.

రెండో మార్పు, గీతలు తీసేసి వాలు పెట్టడం. 79 శాతానికి సున్నా, 80కి ఒక్కసారిగా సగం ఇన్సెంటివ్ అన్నప్పుడే ఆ ఒక్క శాతం కోసం దొంగ బిల్లులు పుడతాయి. 70 దగ్గర సున్నాతో మొదలుపెట్టి, శాతానికి ఇంత చొప్పున పెంచుకుంటూ 100 దగ్గర పూర్తి మొత్తం ఇస్తే ఏ ఒక్క బిల్లుకూ అంత విలువ ఉండదు. 100 దాటాక కూడా అదే వాలు కొనసాగాలి, రెట్టింపు మూడింతలు వద్దు. మిగతా రంగాల్లో టార్గెట్ దాటినవాడికి రేటు పెంచడం సబబే కావచ్చు. రైతు భయం వల్ల పెరిగిన అమ్మకానికి రేటు పెంచడాన్ని మాత్రం నేను సమర్థించలేను.

చెల్లింపు సమయం ఇందులో చిక్కుముడి. మిరప బాకీలు చేతికొచ్చేది పంట యార్డుకు చేరాక, ఫిబ్రవరి తర్వాత. అప్పటిదాకా ఆఫీసర్‌ను ఆపితే జూలైలో చేసిన పనికి ఎనిమిది నెలల తర్వాత డబ్బు ఇచ్చినట్టు. సీజన్ చివర్లో లెక్కకు వచ్చినదాంట్లో సగం ఇచ్చి, వాపసులు, వసూళ్ల లెక్క తేలాక మిగతా సగం ఇవ్వడం మధ్యేమార్గం. ఇచ్చింది కోయడం కన్నా ఇవ్వాల్సింది కొంత ఆపడం ఇద్దరికీ మర్యాదగా ఉంటుంది.

ఫిక్స్‌డ్‌ను తగ్గించి కమీషన్ పెంచితే గ్రాట్యుటీ లాంటి భారాలు తగ్గుతాయన్న పాత ఆలోచనకు చట్టం కూడా ఇప్పుడు అడ్డుకట్ట వేసింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం కమీషన్, కొన్ని భత్యాలు వేతనం కిందికి రావు. కానీ అలా మినహాయించినవన్నీ కలిపి మొత్తం పారితోషికంలో సగం దాటితే, దాటిన మేరకు వేతనంగానే లెక్కగడతారు.

ఇక లక్ష్య సంపాదన అంకె. అది ఎంతమందికి నిజంగా అందుతుందన్నదే దానికి గీటురాయి. టార్గెట్లు సరిగ్గా వేసిన టీములో పదిమందిలో ఆరేడుగురు దాన్ని అందుకోవాలన్నది ఈ పనిచేసేవారి వాడుక సూత్రం. ఇద్దరు ముగ్గురే అందుకుంటుంటే ఆ అంకె జీతం కాదు, ఉద్యోగ ప్రకటన. కంపెనీలు గత మూడు ఖరీఫ్‌ల చెల్లింపులు తీసి చూసుకుంటే సంగతి తేలుతుంది.

మన 60:40 టెరిటరీల్లో సగటున వేరియబుల్‌లో 45 శాతమే చెల్లించారనుకుందాం. 24,000లో అందింది 10,800, కాబట్టి అసలు సంపాదన నెలకు 46,800. ఇప్పుడు లక్ష్య సంపాదనను 60,000 నుంచి 54,000కు తగ్గించి 80:20 చేద్దాం. ఫిక్స్‌డ్ 43,200, వేరియబుల్ 10,800. టార్గెట్లు అందేలా వేసి సగటున 90 శాతం చెల్లిస్తే ఆఫీసర్‌కు 52,920 వస్తుంది. లేఖలో అంకె ఆరు వేలు తగ్గింది, ఇంటికి వచ్చేది ఆరు వేలకు పైగా పెరిగింది. కంపెనీకి తలకు ఏడాదికి 73,440 రూపాయల అదనపు ఖర్చు. 45 లక్షల వాపసు సరుకు మీద రవాణాకు, రీప్యాకింగుకు, గడువు దాటిన డబ్బాలకు, నిలిచిపోయిన పెట్టుబడి వడ్డీకి కలిపి ఐదు శాతం నష్టం వేసుకున్నా అది 2,25,000 అవుతుంది. ఆ వాపసుల్లో మూడో వంతు తగ్గితే ఈ జీతం తన ఖర్చు తానే రాబట్టుకున్నట్టు.