పేపర్లో "తిరస్కరించారు" అని ఉంటే, ఎవరు తిరస్కరించినట్టు?



పోడు కేసుల్లో మాతో కలిసి పనిచేసే లాయర్లు కొందరు రాంచీలో, భువనేశ్వర్‌లో ఉంటారు. వాళ్ళకి తెలుగు చదవడం రాదు. మన ఏరియా వార్త పేపర్లో పెద్దగా వస్తే, దాన్ని నూటయాభై పదాల ఇంగ్లీషులోకి కుదించి పంపే పని మాది.

మొన్నొక అరపేజీ వార్త. సగం నాయకుల మాటలే. అసలు సంగతి ఒక్క వాక్యంలో ఉంది: "42 కుటుంబాల దరఖాస్తులను తిరస్కరించారు." మేము ఇంగ్లీషులో "ప్రభుత్వం తిరస్కరించింది" అని రాసి పంపేశాం. భువనేశ్వర్ నుంచి వెంటనే ఫోన్: "ఏ స్థాయిలో? ఏ తేదీన?" మళ్ళీ చదివితే పేపర్లోనూ లేదు! తెలుగులో ఎవరు చేశారో చెప్పకుండానే వాక్యం నడిచిపోతుంది. ఇంగ్లీషులో రాసేటప్పుడు మొదట్లో ఎవరో ఒకరిని పెట్టాలనిపించి, మేమే ప్రభుత్వాన్ని పెట్టేశాం.

ఇది చిన్న తప్పు కాదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం దరఖాస్తు ముందు గ్రామసభకి, తర్వాత సబ్ డివిజన్ కమిటీకి, చివరికి జిల్లా కమిటీకి వెళ్తుంది. గ్రామసభ తీర్మానం మీద సబ్ డివిజన్ కమిటీకి, ఆ కమిటీ నిర్ణయం మీద జిల్లా కమిటీకి, 60 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. జిల్లా కమిటీ మాటే ఆఖరు, ఆపైన కోర్టే దిక్కు. "ప్రభుత్వం" అని రాస్తే లాయర్ ఎక్కడికి వెళ్ళాలి? ఊళ్ళో ఒక అన్నకి ఫోన్ చేసి నోటీసు చదివించాం. సబ్ డివిజన్ కమిటీదే. అప్పటికే 31 రోజులు అయిపోయాయి.

అప్పటినుంచి పేపర్ చెప్పనిదాన్ని మేం పూరించడం లేదు. "తిరస్కరణకు గురయ్యాయి, ఎవరన్నది వార్తలో లేదు" అనే అర్థం వచ్చేలా రాస్తున్నాం. "గత వారం" అని ఉంటే పేపర్ తేదీ కూడా పక్కనే పెడుతున్నాం. "ఆరోపించారు" అన్నచోట ఎవరి ఆరోపణో వదలడం లేదు, పదాలు ఎక్కువైనా సరే.

మనకి అలవాటైన మాటలతో ఇంకో చిక్కు. "ఏజెన్సీ గ్రామాలు" అని అలాగే రాస్తే రాంచీ అక్క ఏదో కంపెనీ దత్తత తీసుకున్న ఊళ్ళు అనుకుంది (నవ్వొచ్చినా తప్పు మాదే). షెడ్యూల్డ్ ఏరియా అనాలి. "పట్టా" కూడా అంతే. సొంత భూమి పత్రం అని రాస్తే అమ్ముకోవచ్చనుకుంటారు. ఈ చట్టం కింద వచ్చే హక్కు పిల్లలకి వస్తుంది గానీ అమ్మడానికి లేదు, 4 హెక్టార్లు దాటదు. అందుకే "అటవీ హక్కు పత్రం" అనే రాస్తున్నాం.

పోయిన వారం పంపినదాంట్లో ఏడు వాక్యాలుంటే రెండు "వార్తలో లేదు" అనేవే. సగం పని చేసి పంపినట్టుందని మాలోనే ఒకరు అన్నారు. అలాగే పంపాం. ఆ రెండింటి గురించే లాయర్ ఊరికి ఫోన్ చేసి అడిగారు.